రాత్రి పదకొండు పదికి పెట్టిన పోస్ట్

(ఒక ఆదివారం ఉదయం తల్లిదండ్రుల సమావేశంలో, పిల్లల కేసులు చూసే ఒక న్యాయవాది మాట్లాడినదానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. మైక్ కొంచెం దూరంగా పెడతాను, కోర్టులో అరిచి అరిచి నా గొంతు అలా అలవాటైపోయింది.

ఇక్కడికి వచ్చినవాళ్ళలో సగం మందికైనా ఫోన్‌లో ఒక డ్రాఫ్ట్ ఉండే ఉంటుంది. పిల్లాడు ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజు రాసి, పోస్ట్ చేయకుండా ఆపుకున్నది. ఆపుకోలేకపోయిన ఒక తండ్రి కేసు చెప్తాను. ఊరు చెప్పను, స్కూల్ చెప్పను. వివరాలు కొన్ని మార్చాను, జరిగిన క్రమం మాత్రం మార్చలేదు.

బాబు ఎనిమిదో తరగతి. స్కూల్ బస్సులో వెనక సీటు దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురు రోజూ ఏడిపిస్తున్నారు. ఆ రోజు అది చెయ్యి చేసుకునేదాకా వెళ్ళింది. కళ్ళద్దాలు విరిగాయి, కుడి మణికట్టు వాచింది. తల్లి ఐస్ పెట్టింది, ఫోటో తీసింది. తండ్రి షిఫ్ట్ దిగి తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చాడు. కొడుకుని అడిగితే వాడు సగం చెప్పి పడుకున్నాడు. పదకొండు పదికి తండ్రి ఫేస్‌బుక్‌లో పోస్ట్ పెట్టాడు. క్లాస్ ఫోటోలో ఒక అబ్బాయి ముఖం చుట్టూ ఎర్ర గీత. పేరు, తరగతి, సెక్షన్, స్కూల్ పేరు, ఆ అబ్బాయి తండ్రి ఏం ఉద్యోగం చేస్తాడో కూడా. కింద ఒక వాక్యం: "నలుగురు కలిసి నా కొడుకు చెయ్యి విరగ్గొట్టారు, స్కూల్ చూస్తూ ఊరుకుంది."

తెల్లారేసరికి ఆరువందల షేర్లు. ఆయనకి ఆ రాత్రి కొంచెం ఊరటగానే ఉండి ఉంటుంది, కాదనను. ముక్కూ మొహం తెలియని వాళ్ళు వందలమంది "మీ వెంట ఉన్నాం అన్నా" అంటుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది.

ఇప్పుడు ఆ పోస్ట్ ఏమేం పట్టుకుపోయిందో చూద్దాం.

మొదట పోయింది వీడియో. కొట్టింది ఒకడు, పట్టుకుంది ఒకడు. మూడోవాడు ఫోన్‌లో వీడియో తీశాడు. ఈ మాట బాబు మర్నాడు ఉదయం చెప్పాడు. రాత్రి సగమే చెప్పాడన్నాను కదా, మిగతా సగం ఇది. ఆ మూడోవాడు అర్ధరాత్రి పోస్ట్ చూశాడు. భయపడి వీడియో డిలీట్ చేశాడు, తన ఇద్దరు స్నేహితుల చేత కూడా డిలీట్ చేయించాడు. పద్నాలుగేళ్ళ పిల్లాడు, వాడి మీద నాకు కోపం లేదు. కానీ ఈ కేసులో ఎవరూ కాదనలేని సాక్ష్యం అదొక్కటే. పోస్ట్ లేకపోతే మర్నాడు పొద్దున ప్రిన్సిపాల్ గదిలో ఆ ఫోన్ బల్ల మీద ఉండేది. ఇదే బస్సులో కెమెరా కూడా ఉంది. అందులో నిండాక పాతది చెరిగిపోయి కొత్తది ఎక్కుతుంది. ఈ గొడవల్లో పడి తండ్రి ఆ రికార్డు అడిగింది తొమ్మిదో రోజున. అప్పటికి అది లేదు.

రెండోది, ఆ వాక్యం. "నలుగురు", "చెయ్యి విరగ్గొట్టారు". ఎక్స్‌రేలో ఎముక విరగలేదు, బెణుకు మాత్రమే. నలుగురు కాదు, ముగ్గురు. వాళ్ళలోనూ చెయ్యి చేసుకుంది ఒకడే. మూడు రోజుల తర్వాత పోలీసులకిచ్చిన ఫిర్యాదులో తండ్రి ముగ్గురనే రాశాడు, బెణుకు అనే రాశాడు. నిజమే రాశాడు. కానీ అవతలి లాయర్ చేతిలో ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. ఒకటి ఫిర్యాదు, రెండోది ఆయనే రాసి, ఆయన పేరుతో, టైమ్‌తో సహా ఉన్న పోస్ట్. ప్రశ్న ఎలా ఉంటుందో చెప్తాను, నేనే ఇంకో కేసులో అవతలి వైపు ఉంటే అలాగే అడుగుతాను. "నలుగురన్నారు, తర్వాత ముగ్గురన్నారు. విరిగిందన్నారు, తర్వాత బెణికిందన్నారు. పోలీస్ స్టేషన్ మీ ఇంటికి రెండు కిలోమీటర్లు. మూడు రోజులు స్టేషన్‌కి వెళ్ళని మీరు, ఫేస్‌బుక్‌కి మాత్రం అదే రాత్రి వెళ్ళారు. మీకు కావలసింది న్యాయమా, వాళ్ళ పరువు తీయడమా?" అంతకుముందు ఎవరికో రాసిన దాన్ని చూపించి సాక్షిని నిలదీయడానికి చట్టం ఒప్పుకుంటుంది. మీరు కోపంలో రాసిన ప్రతి అంకె మీ మీదకే తిరిగొస్తుంది.

మూడోది సాక్షులు. బస్సులో ఇంకా పదకొండు మంది పిల్లలున్నారు. వాళ్ళందరూ మర్నాడు బస్సెక్కేసరికే పోస్ట్ చదివేశారు. ఇక వాళ్ళు చెప్పేది కళ్ళతో చూసిందా, పోస్టులో చదివిందా అని విడదీయడం ఎవరి తరం? ఒక పాప నిజంగానే ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూసింది. అడిగితే "నలుగురు" అంది. పోస్టులో ఉన్న మాటే. దాంతో ఆ పాప చూసింది కూడా పనికిరాకుండా పోయింది.

ఇక చట్టం సంగతి. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015. అందులో 74వ సెక్షన్. నేరం చేశాడని ఆరోపణ ఉన్న పిల్లాడైనా, బాధితుడైనా, సాక్షి అయినా, పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ గుర్తింపు బయటపెట్టకూడదు. పేరు, చిరునామా, స్కూల్, లేదా పోల్చుకోవడానికి పనికొచ్చే ఏ వివరమైనా. ఫోటో కూడా. పేపర్లు, టీవీలతో ఆగలేదు ఆ సెక్షన్, "ఇతర సమాచార రూపాలు" అనే మాట కూడా ఉంది. అందుకే ఫేస్‌బుక్ నాకు వర్తించదు, నేను జర్నలిస్టును కాను అనుకోవద్దు. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. పిల్లల మేలు కోసం పేరు చెప్పాల్సి వస్తే జువెనైల్ జస్టిస్ బోర్డో బాలల సంక్షేమ కమిటీయో కారణం రాసి అనుమతి ఇవ్వాలి. మనంతట మనం ఇచ్చుకోలేం.

ఒక చిన్న మెలిక ఉంది, దాచను. ఆ సెక్షన్ విచారణకో దర్యాప్తుకో సంబంధించిన కథనాల గురించి మాట్లాడుతుంది. కాబట్టి ఫిర్యాదు ఇంకా ఇవ్వకముందు పెట్టిన పోస్ట్‌కి అది వర్తిస్తుందా అని లాయర్లు వాదించుకోవచ్చు. కానీ ఈ తండ్రి ఫిర్యాదు ఇచ్చాక కూడా పోస్ట్ తీయలేదు. పైగా "కేసు పెట్టాను, ఎవడొస్తాడో రండి" అని కింద ఇంకో కామెంట్ రాశాడు. వాదించుకోవడానికి ఉన్న ఆ కాస్త చోటూ ఆయనే పూడ్చేశాడు.

ఇంకొకటి పరువు నష్టం. భారతీయ న్యాయ సంహితలో 356. చాలామంది అనేది "నిజమే కదండీ రాశాను" అని. నిజం ఒక్కటే సరిపోదు, దాన్ని బయటపెట్టడం ప్రజల మేలుకు అవసరమని కూడా చూపించాలి. పద్నాలుగేళ్ళ కుర్రాడి పేరు ఊరందరికీ తెలియడంలో ప్రజల మేలేమిటి అంటే జవాబు కష్టం. అదే సెక్షన్‌లో ఇంకో మినహాయింపు ఉంది, అది మీకు పనికొచ్చేది. చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్ళకి మంచి ఉద్దేశంతో ఫిర్యాదు చేస్తే అది పరువు నష్టం కాదు. అంటే అదే పేరు, అదే మాటలు ప్రిన్సిపాల్‌కి రాస్తే మీకు రక్షణ ఉంది. పోలీసులకి రాసినా ఉంది. ఫేస్‌బుక్ గోడ మీద రాస్తే లేదు.

మన కథలో అవతలి తండ్రి అధికారం ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాడు. పోస్ట్ ప్రింట్లు, కామెంట్ల ప్రింట్లు తీసుకుని స్టేషన్‌కి వెళ్ళాడు. కామెంట్లలో ఒకడు ఆయన ఇల్లు ఎక్కడో రాశాడు. ఇంకొకడు అదే పేరున్న, అసలు వేరే స్కూల్లో చదివే అబ్బాయి ఖాతా వెతికి తిట్లు పెట్టాడు. ఆ పిల్లాడి తల్లి కూడా స్టేషన్‌కి వచ్చింది. ఇప్పుడు కొట్టిన పిల్లాడి కేసు ఒకటి, మన బాబు నాన్న మీద ఫిర్యాదులు రెండు.

ఇలాంటి కేసులు నిజానికి ఎలా ముగుస్తాయో ఇక్కడ చెప్పాలి. ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు. పెద్దమనుషులు కూర్చుంటారు. "మీరు మీది వెనక్కి తీసుకోండి, మేం మాది తీసుకుంటాం." మామూలుగా కొట్టడం, పరువు నష్టం రెండూ రాజీ పడగలిగిన నేరాలే. ఉద్యోగం చేసుకునే మనిషి, తన పేరు మీద కేసు అంటే భయపడడా? సంతకం పెట్టేస్తాడు. ఇతనూ పెట్టాడు. అబ్బాయి కళ్ళద్దాలు విరిచినందుకు ఎవరూ జవాబు చెప్పలేదు.

సంతకం పెట్టకుండా పోరాడినా గడియారం ఒకటి తిరుగుతూనే ఉంటుంది. మామూలు దెబ్బల కేసు, అంటే మూడేళ్ళ లోపు శిక్ష ఉన్న చిన్న నేరం, జువెనైల్ జస్టిస్ బోర్డు నాలుగు నెలల్లో విచారణ ముగించాలి. ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు. అప్పటికీ తేలకపోతే ఆ విచారణ అక్కడితో ఆగిపోతుంది. పిల్లల్ని ఏళ్ళ తరబడి తిప్పకూడదని పెట్టిన మంచి నియమమే. కానీ ఎదురు ఫిర్యాదులతో, వాయిదాలతో ఆ ఆరు నెలలూ కరిగిపోవడం నేను చూశాను.

(ముందు వరసలోంచి ఒకరు: మేడమ్, అసలు పోలీసులు ఎఫ్ఐఆరే కట్టరు. అందుకే జనం ఫేస్‌బుక్‌కి వెళ్తారు.)

కూర్చోండి సార్, బాగా అడిగారు. సగం పోస్టులు ఈ కోపంతోనే పుడతాయి. కట్టకపోవడం చాలాసార్లు పోలీసుల బద్ధకం కాదు, నిబంధనే అది. 2016 జువెనైల్ జస్టిస్ నియమాల్లో 8వ నియమం చూడండి. పిల్లలు చేశారన్న నేరం ఘోరమైనది అయితేనో, పెద్దవాళ్ళతో కలిసి చేసినదైతేనో తప్ప ఎఫ్ఐఆర్ కట్టకూడదు. ఘోరమైనది అంటే కనీసం ఏడేళ్ళ శిక్ష ఉన్నది. మిగతావాటికి స్టేషన్ జనరల్ డైరీలో రాసుకుంటారు, పిల్లాడి ఇల్లూ చదువూ పరిస్థితుల మీద ఒక నివేదిక తయారుచేసి బోర్డుకి పంపుతారు. కాబట్టి స్టేషన్‌లో "ఎఫ్ఐఆర్ కట్టండి" అని గొడవపడొద్దు. "జనరల్ డైరీ ఎంట్రీ నంబర్ ఇవ్వండి, ఈ స్టేషన్ చైల్డ్ వెల్ఫేర్ పోలీస్ ఆఫీసర్ ఎవరు?" అని అడగండి. ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్ఐ హోదాకు తగ్గని ఒకరు ఆ పని మీద ఉండాలి. ఈ రెండు ప్రశ్నలు అడిగితే అవతలివాళ్ళు మిమ్మల్ని చూసే తీరు మారుతుంది, నాది హామీ. సరే, హామీ కాదు, అనుభవం.

ఇప్పుడు పిల్లాడి దగ్గరికి వద్దాం. లాయర్లం మేము దీన్ని ఆఖరున చెప్తాం, తప్పే.

ఉదయం లేచి ఆ బాబు నాన్నని అడిగిన మొదటి మాట, "ఎంతమంది చూశారు నాన్నా?" పోస్టులో బాబు పేరు లేదు. తండ్రి పేరుంది, ఇంటిపేరుంది, ప్రొఫైల్‌లో కుటుంబం ఫోటో ఉంది. విరిగిన కళ్ళద్దాలు పెట్టుకుని నిలబడ్డ వాచిన ముఖం ఆ పోస్టులో మూడో ఫోటో. క్లాసులో వాడికి కొత్త పేరు పెట్టారు, "వైరల్". "వైరల్ వచ్చాడ్రా." ఆ కళ్ళద్దాల ఫోటో ఎవరో వాట్సాప్ స్టిక్కర్ చేశారు. ఇంతకు ముందు వాణ్ణి ఏడిపించేవాళ్ళు ముగ్గురు. ఇప్పుడు ఎవరికి నవ్వు రావాలన్నా అది పంపిస్తున్నారు. పోనీ ఆ ముగ్గురైనా ఆగారా అంటే, చెయ్యి చేసుకోవడం ఆపారు. మాట్లాడటం కూడా ఆపారు. వీడి పక్కన ఎవరూ కూర్చోకుండా చూశారు. దానికి ఏ సెక్షన్ పెడతాం?

బాబు కౌన్సెలర్‌తో అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "నాన్నకి చెప్పకుండా ఉండాల్సింది." కేసు దృష్టితో చూసినా ఇది దెబ్బే. ఇలాంటి కేసులో అసలు సాక్షి పిల్లాడే. వాడు నోరు మూసుకుంటే ఇంకేమీ లేదు. ఆ తర్వాత రెండు నెలలకి వాడి సైకిల్ టైర్లు కోసేశారు. ఆ విషయం ఇంట్లో తెలిసింది వాచ్‌మెన్ చెప్తే.

ఇంకొంచెం ఇబ్బందైన విషయం. ఏడిపించడంలో ఒంటి మీద చెయ్యి వేయడం, బట్టలు లాగడం, బాత్‌రూమ్‌లో ఫోటో తీయడం లాంటివి ఉంటే అది పోక్సో కేసు కావచ్చు. అప్పుడు చట్టం ఇంకా గట్టిది. బాధితుడైన పిల్లాడి పేరు, ఇల్లు, స్కూల్, పోలిక పట్టే ఏ వివరమూ బయటికి రాకూడదని పోక్సో 23వ సెక్షన్. 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు కూడా, పేరు రాయకపోయినా గుర్తుపట్టగలిగే వివరాలు ఇచ్చినా తప్పేనని చెప్పింది. కొట్టిన పిల్లాడి పేరు, తరగతి రాస్తున్నాననుకుంటారు మీరు. "మీ అబ్బాయి"కి అలా చేశాడని మీ ఖాతా నుంచి రాసిన క్షణాన మీ బిడ్డను కూడా అందరికీ చూపించినట్టే. కన్న తల్లిదండ్రులైనా మినహాయింపు లేదు.

(ఒక తల్లి: పేరు పెట్టకుండా రాయొచ్చా అండీ?)

రాయొచ్చమ్మా, కానీ నా కొలత ఒకటుంది. పక్క సెక్షన్ పిల్లాడు చదివి ఎవరో చెప్పగలిగితే, మీరు పేరు పెట్టినట్టే. "మా ఊళ్ళో ఒక ప్రైవేట్ స్కూల్" అంటే పరవాలేదు. "ఆరో నంబర్ బస్సు, తొమ్మిది బి, పొడుగ్గా ఉండే అబ్బాయి" అంటే పేరు రాయక్కర్లేదు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌కీ ఇదే కొలత. రెండొందల మంది ఉన్న గ్రూప్ మన ఇల్లు కాదు, బజారే.

మరి ఆ రాత్రి పదకొండు పదికి ఏం చేయాలి? రాయండి. ఫేస్‌బుక్‌లో కాదు, తెల్ల కాగితం మీద. పిల్లాడు చెప్పింది వాడి మాటల్లోనే, తేదీ, టైమ్, ఎక్కడ, ఎవరు దగ్గరున్నారు. మీ ఊహ కలపొద్దు. "విరిగింది" అని డాక్టర్ చెప్పేదాకా "వాచింది" అని రాయండి. "నలుగురా?" అని మీరే అందించొద్దు, "ఎవరెవరున్నారు?" అని అడిగి ఆగండి. ఆ రాత్రి సగమే చెప్తే సగమే రాయండి, మిగతాది మర్నాడు తేదీ వేసి రాయండి. దెబ్బలుంటే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి ఎమ్మెల్సీ చేయించండి. ఎమ్మెల్సీ అంటే శాసనమండలి సభ్యుడు కాదు, నవ్వకండి, ఒకాయన నన్ను అలాగే అడిగాడు. మెడికో లీగల్ కేసుగా రాయించడం. దెబ్బ ఎంతటిదో తేల్చేది ఆ కాగితమే.

మెసేజ్‌లు, వీడియోలు ఉంటే స్క్రీన్‌షాట్‌తో ఆగకండి. అవి వచ్చిన ఫోన్‌ని అలాగే ఉంచండి, ఫార్మాట్ చేయొద్దు, ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వొద్దు. ఎలక్ట్రానిక్ రికార్డు కాపీని సాక్ష్యంగా ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ కావాలి, అది ఏ పరికరం నుంచి తీశారో చెప్పాలి. పరికరమే లేకపోతే చిక్కు.

మర్నాడు పొద్దున స్కూల్‌కి రెండు ఉత్తరాలు. ఒకటి ఫిర్యాదు. రెండోది, చాలామంది మర్చిపోయేది, "ఫలానా తేదీ, ఫలానా బస్సు కెమెరా రికార్డు చెరిగిపోకుండా దాచండి" అని. రెండింటి మీదా స్టాంపు, సంతకం, తేదీ వేయించుకోండి. స్కూల్‌వాళ్ళు తీసుకోం అంటే ఈమెయిల్ చేయండి. సీబీఎస్ఈ స్కూల్ అయితే ఏడిపించడాన్ని ఆపే కమిటీ ఉండాలని 2015లోనే బోర్డు చెప్పింది, దాన్ని ఉద్దేశించి రాయండి. స్కూల్ కదలకపోతే జిల్లా విద్యాశాఖాధికారి, రాష్ట్ర బాలల హక్కుల కమిషన్, పిల్లల హెల్ప్‌లైన్ 1098. కదలడానికి టైమ్ పడుతుంది, ఒక్కోసారి ఒళ్ళు మండేంత. అయినా స్టాంపు ఉన్న కాగితాన్ని ఎవరూ డిలీట్ చేయలేరు.

(వెనకనుంచి ఒకాయన, మెల్లగా: ఇప్పటికే పెట్టేసినవాళ్ళ సంగతేంటి?)

ముందు కంగారుపడి డిలీట్ చేయకండి సార్. మొదట పోస్ట్, కామెంట్లు మొత్తం తేదీ, టైమ్ కనిపించేలా దాచుకోండి. లేకపోతే రేపు సాక్ష్యం మాయం చేశారంటారు, పైగా మీ పిల్లాణ్ణి బెదిరించిన కామెంట్లు ఏవైనా ఉంటే అవీ పోతాయి. తర్వాత తీసేయండి. షేర్ చేసిన బంధువులకి, గ్రూప్ అడ్మిన్‌లకి ఫోన్ చేసి తీయించండి, మెసేజ్ పెట్టొద్దు, అదీ ఫార్వర్డ్ అవుతుంది. వివరణ పోస్ట్, క్షమాపణ పోస్ట్, ఏదీ వద్దు. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు "ఫలానా రోజు కోపంలో ఒక పోస్ట్ పెట్టాను, అందులో ఈ రెండు వివరాలు తప్పు, ఫలానా రోజు తీసేశాను" అని మీరే ముందు రాసేయండి. అవతలి లాయర్ దాన్ని బయటికి తీసి చూపించేదాకా ఆగొద్దు. ఆ తర్వాత పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఏం పెట్టారో, ఏం తీసేశారో వాడికి చూపించండి. క్లాసులో అందరూ చూసింది వాడొక్కడే చూడకుండా స్కూల్‌కి వెళ్ళకూడదు.

మీ ఫోన్ చూస్తున్నారు, అందులో ఉందా? ఉంటే టీ అయ్యాక రండి, కలిసి చూద్దాం.